కాంక్రీట్ లెక్కలో 1.54 ఎందుకు? పొడి కొలత, తడి కొలత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తయారై చోటులో పడిన కాంక్రీట్ కొలత తడి కొలత. దానికి కావాల్సిన సిమెంట్, ఇసుక, కంకరను విడివిడిగా కొలిచి కూడితే వచ్చేది పొడి కొలత. తడి కొలతను 1.54 తో గుణించి పొడి కొలత తెలుసుకుంటాం. శ్లాబ్ ఎస్టిమేట్ రాసిచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ 1.54 దగ్గర ఆగిపోతారు. ఇల్లు కట్టించుకునేవాళ్లు ఇది కాంట్రాక్టర్ వేసిన అదనపు ఖర్చేమో అని అనుమానపడతారు. డిప్లొమా చదివే పిల్లలు సూత్రం బట్టీ పట్టేస్తారు కానీ కారణం అడిగితే తడబడతారు. కొత్త సూపర్‌వైజర్లు వేయకూడని చోట కూడా వేసేస్తారు. నన్ను మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను, వాళ్లు అడిగిన మాటల్లోనే, పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## అసలు సంగతి అర్థం కావడానికి

సిమెంట్, ఇసుక, కంకరకు తోడు నీళ్లు కూడా పోస్తాం కదా. కాంక్రీట్ పెరగాలి గానీ తగ్గుతుందేంటి?

కంకర కుప్పను దగ్గరగా చూడండి. రాయికీ రాయికీ మధ్య ఖాళీ ఉంటుంది. పది లీటర్ల బకెట్ నిండా 20 మి.మీ. కంకర పోసి, దాని మీద మగ్గుతో నీళ్లు పోయండి. బకెట్ నిండుగానే కనిపిస్తున్నా నాలుగు లీటర్లకు పైగా నీళ్లు పొర్లకుండా లోపలికి పోతాయి. ఆ నీళ్లు పట్టిన చోటంతా అంతకుముందు గాలే. ఇసుకలోనూ అంతే, ఖాళీలు కంటికి కనపడనంత చిన్నవి, అంతే తేడా. బస్తా విప్పి పోసిన సిమెంట్‌లో అయితే సగానికి సగం గాలే.

మనం పెట్టెతో కొలిచేటప్పుడు ఈ గాలిని కూడా కలిపే కొలుస్తున్నాం. మిక్సర్ తిరిగేటప్పుడు కంకర సందుల్లోకి ఇసుక దూరుతుంది, ఇసుక సందుల్లోకి సిమెంట్, నీళ్లు కలిసిన ముద్ద దూరుతుంది. మిగిలిన గాలిని వైబ్రేటర్ బయటికి నెడుతుంది. నీళ్లు కొత్తగా చోటు అడగవు, గాలి ఖాళీ చేసిన చోటులోనే సర్దుకుంటాయి. ఒక్క గింజ మెటీరియల్ కూడా ఎక్కడికీ పోలేదు. పోయింది గాలి.

1.54 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు నిర్ణయించారు?

ఇది ఏ ప్రకృతి నియమమూ కాదు. మన కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 లో కూడా ఈ అంకె ఉండదు. ఎస్టిమేట్లు వేసేవాళ్లు అనుభవం మీద స్థిరపరుచుకున్న గుణకం ఇది. కొందరు 1.52 వాడతారు, కొందరు 1.55, ఇంకొందరు 1.57. అది ఎలా వస్తుందో ఒక్క బస్తా కాంక్రీట్‌తో లెక్క కట్టి చూద్దాం. సిమెంట్, ఇసుక, కంకర వరుసగా 1:1.5:3 పాళ్లు తీసుకుందాం.

50 కిలోల సిమెంట్ బస్తా విడిగా పోస్తే సుమారు 34.7 లీటర్లు. దానికి ఇసుక 52 లీటర్లు, కంకర 104 లీటర్లు. మొత్తం పొడి కొలత 191 లీటర్లు.

ఇప్పుడు ఇందులో గాలి తీసేసి, ఉత్త పదార్థం ఎంతుందో చూడాలి. బరువును సాంద్రతతో భాగిస్తే అది తెలుస్తుంది. సిమెంట్ 50 కిలోలను 3.15 తో భాగిస్తే 15.9 లీటర్లు. 52 లీటర్ల ఇసుక లీటరుకు కిలోన్నర చొప్పున 78 కిలోలు, 2.65 తో భాగిస్తే 29.4 లీటర్లు. 104 లీటర్ల కంకర లీటరుకు 1.45 కిలోల చొప్పున 151 కిలోలు, 2.7 తో భాగిస్తే 56 లీటర్లు. మూడూ కలిపితే 101 లీటర్లు. అంటే మనం కొలిచిన 191 లీటర్లలో 90 లీటర్లు గాలే. దీనికి నీళ్లు 25 లీటర్లు, బాగా వైబ్రేట్ చేసినా మిగిలిపోయే గాలి రెండున్నర లీటర్లు కలిపితే తయారైన కాంక్రీట్ 129 లీటర్లు.

191 ని 129 తో భాగిస్తే 1.48. మరి 1.54 ఏది? మిక్సర్ డ్రమ్ముకు అంటుకున్నది, తట్టల్లోంచి కారింది, సెంట్రింగ్ సందుల్లోంచి జారిన సిమెంట్ పాలు, ఇవన్నీ కలిసి నాలుగు శాతం అనుకుంటే 1.48 కాస్తా 1.54 అవుతుంది. కాబట్టి ఈ గుణకంలో ఎక్కువ భాగం గాలి లెక్క, కొద్ది భాగం వేస్టేజీ.

అంటే కాంక్రీట్ 54 శాతం తగ్గిపోతుందా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. తడి కాంక్రీట్ 100 కావాలంటే పొడి మెటీరియల్ 154 కావాలి, పెరుగుదల 54. అదే పొడి వైపు నుంచి చూస్తే 154 కాస్తా 100 అయింది. 54 ని 154 తో భాగిస్తే తగ్గుదల 35 శాతం. అందుకే కుప్పల కొలత చూసి ఎంత కాంక్రీట్ వస్తుందో చెప్పాలంటే 1.54 తో భాగించాలి గానీ, 54 శాతం తీసేయకూడదు. 154 లో 54 శాతం తీసేస్తే 71 మిగులుతుంది, అది పూర్తిగా తప్పు. ‘కంకరలో ఖాళీలు 54 శాతం కాబట్టి 1.54’ అని చెప్పే వివరణ కూడా సరైంది కాదు.

శ్లాబ్ ఆరేకొద్దీ ఇంత కుంచించుకుపోతుందా?

లేదు. ఈ తగ్గుదలంతా మిక్సర్‌లోనూ, వైబ్రేటర్ కిందా అయిపోతుంది. 5 అంగుళాల మందం పోసి లెవెల్ చేస్తే శ్లాబ్ 5 అంగుళాలే ఉంటుంది. తర్వాత ఆరేటప్పుడు వచ్చే సంకోచం వేరే విషయం. అది సన్నటి పగుళ్లు తెప్పిస్తుంది గానీ మందం కొలతలో టేపుకు అందేంత ఉండదు.

## ఎస్టిమేట్ వేసేటప్పుడు

ఒక గది శ్లాబ్‌కు లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తారా?

గది 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, శ్లాబ్ మందం 5 అంగుళాలు, పాళ్లు 1:1.5:3 అనుకుందాం. మన దగ్గర ఇంటి పని అడుగుల్లోనే నడుస్తుంది కాబట్టి అడుగుల్లోనే చేద్దాం.

```
తడి కొలత  = 20 × 15 × (5 ÷ 12) = 125 ఘనపుటడుగులు
పొడి కొలత = 125 × 1.54 = 192.5 ఘనపుటడుగులు
మొత్తం పాళ్లు = 1 + 1.5 + 3 = 5.5
ఒక పాలు = 192.5 ÷ 5.5 = 35 ఘనపుటడుగులు
```

సిమెంట్ ఒక పాలు, అంటే 35 ఘనపుటడుగులు. బస్తా 1.226 ఘనపుటడుగులు కాబట్టి 28.5 బస్తాలు, 29 తెప్పించాలి. ఇసుక ఒకటిన్నర పాలు, 52.5 ఘనపుటడుగులు. కంకర మూడు పాళ్లు, 105 ఘనపుటడుగులు. మూడూ కూడితే మళ్లీ 192.5 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఇక్కడ గమనించాల్సింది, 1.54 ను ఒకే ఒక్కసారి, తడి కొలత మీద, పాళ్లుగా విడదీయకముందే వేశాం. కొందరు ఇక్కడ వేసి, బస్తాల లెక్క దగ్గర మళ్లీ వేస్తారు. అప్పుడు 28.5 కాస్తా 44 బస్తాలు అయి కూర్చుంటుంది.

1.54 వేయకుండా నేరుగా 125 ని పాళ్లుగా పంచితే ఏమవుతుంది?

125 ని 5.5 తో భాగిస్తే 22.7 ఘనపుటడుగుల సిమెంట్, అంటే 18.5 బస్తాలు వస్తాయి. ఆ మెటీరియల్‌తో 300 చదరపు అడుగుల శ్లాబ్‌లో 200 చదరపు అడుగులు కూడా పూర్తికావు. మధ్యలో ఆపితే పాత కాంక్రీట్‌కూ కొత్త కాంక్రీట్‌కూ మధ్య అతుకు పడుతుంది, వానాకాలంలో నీళ్లు కారేది అక్కడే. ఆపకుండా లాగాలని చూస్తే మేస్త్రి ఇసుక, నీళ్లు పెంచుతాడు. రెండూ నష్టమే.

1.54 వేశాక మళ్లీ 5 శాతం వేస్టేజీ కలపాలా?

కలిపేటప్పుడు, మోసేటప్పుడు పోయే వేస్టేజీ 1.54 లో కొంత ఉంది. అందుకని సిమెంట్ మీద మళ్లీ శాతం వేయను. వచ్చిన అంకెను పై బస్తాకు సరిచేసి, పెద్ద శ్లాబ్ అయితే ఒకటి రెండు బస్తాలు అదనంగా దింపిస్తాను. మిగిలితే గోడలకు పనికొస్తాయి.

ఇసుక, కంకర సంగతి వేరు. వాటిని రోడ్డు పక్కన మట్టి నేల మీద దింపుతారు. కింది పొర మట్టితో కలిసి పనికిరాకుండా పోతుంది. ఆ నష్టం 1.54 లో లేదు. కింద పట్టా వేయలేని చోట 5 శాతం దాకా ఎక్కువ తెప్పించడం సబబే.

లోపల ఉండే స్టీల్ చోటును తీసేయాలా?

అక్కర్లేదు. మామూలు శ్లాబ్‌లో స్టీల్ ఆక్రమించే చోటు ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. కొలతల కోడ్ ఐఎస్ 1200 ప్రకారం కూడా కాంక్రీట్ కొలతలో స్టీల్‌ను మినహాయించరు.

గోడ కట్టే మాలుకూ ప్లాస్టరింగ్‌కూ కూడా 1.54 వేయొచ్చా?

వేయకూడదు. మాలులో కంకర లేదు. పెద్ద రాళ్ల సందుల్లో ఇసుక దాక్కునే అవకాశం లేదు కాబట్టి తగ్గుదల తక్కువ. అక్కడ 1.33 వాడతారు, కొందరు 1.3 లేదా 1.35 అంటారు. మాలుకు 1.54 వేస్తే సిమెంట్, ఇసుక ఆరో వంతు దాకా ఎక్కువ చూపిస్తుంది.

ఎం25, ఎం30 కాంక్రీట్‌కు కూడా ఇదే లెక్కా?

పుస్తకాల్లో ఎం25 కి 1:1:2 అని పాళ్లు ఇస్తారు. వాటికి 1.54 వేస్తే క్యూబిక్ మీటర్‌కు 554 కిలోల సిమెంట్ వస్తుంది, 11 బస్తాల పైనే. ఐఎస్ 456 ప్రకారం క్యూబిక్ మీటర్‌కు సిమెంట్ మామూలుగా 450 కిలోలు దాటకూడదు. దాటితే వేడి, సంకోచం, పగుళ్లు ఎక్కువవుతాయి. అంటే ఇంత చిక్కటి పాళ్ల దగ్గర ఈ పద్ధతి పనికిరాదని లెక్కే చెబుతోంది.

ఆ గ్రేడ్‌లకు మిక్స్ డిజైన్ చేయించాలి. ఐఎస్ 10262 పద్ధతిలో ప్రతి పదార్థం గాలి లేకుండా ఎంత చోటు తీసుకుంటుందో కట్టి, అన్నీ కలిపి సరిగ్గా ఒక క్యూబిక్ మీటర్ అయ్యేలా బరువులు తేలుస్తారు. గాలి లెక్క ముందే తీరిపోయింది కాబట్టి అక్కడ 1.54 కి చోటే లేదు. డిజైన్ షీట్‌లో సిమెంట్ 350 కిలోలు అని ఉంటే క్యూబిక్ మీటర్లలో ఉన్న తడి కొలతను నేరుగా 350 తో గుణించండి.

రెడీమిక్స్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు 1.54 వేయాలా?

వద్దు, దయచేసి వద్దు. లారీలో వచ్చేది తయారైన తడి కాంక్రీట్. బిల్లు కూడా తడి క్యూబిక్ మీటర్ మీదే. 125 ఘనపుటడుగుల శ్లాబ్ అంటే 3.54 క్యూబిక్ మీటర్లు. పంపు పైపులో మిగిలేది, సెంట్రింగ్ కాస్త కుంగేది చూసుకుని దానికి కొద్దిగా కలుపుకోవాలి. 1.54 వేస్తే 5.45 అవుతుంది, దాదాపు రెండు క్యూబిక్ మీటర్లు ఎక్కువ. గంటల్లో గట్టిపడే ఆ కాంక్రీట్‌ను ఎక్కడ పోస్తారు?

## మెటీరియల్ దింపించుకునేటప్పుడు

లెక్క ప్రకారమే ఇసుక తెప్పించాం. అయినా శ్లాబ్ రోజు తక్కువ పడింది. ఎందుకు?

చాలాసార్లు కారణం తేమ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. ముందు రాత్రి వాన పడింది. కుప్ప ముందురోజు ఎలా ఉందో అలాగే ఉంది కదా అనుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి శ్లాబ్‌లో ఐదో వంతు మిగిలి ఉండగా కుప్ప అడుగు కనిపించింది. కూలీలు తట్టలు పట్టుకుని నిలబడ్డారు, నాకు టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. పక్క వీధి సైట్ వాళ్లు నాలుగు బండ్లు ఇసుక ఇస్తే గట్టెక్కాం. తర్వాత తెలిసింది, ఆ ఇసుక నది నుంచి వచ్చినప్పుడే తడిగా ఉందని, నేను కొలిచిన కొలతే ఉబ్బిన కొలత అని.

కాస్త తడి ఉన్న ఇసుకలో ప్రతి గింజ చుట్టూ నీటి పొర చేరి గింజలను ఎడంగా నెడుతుంది. 5 శాతం తేమ దగ్గర ఉబ్బు 20 నుంచి 30 శాతం, సన్న ఇసుకలో ఇంకా ఎక్కువ. 1.54 లెక్క పొడి ఇసుకకు కట్టింది, ఈ ఉబ్బు అందులో లేదు. 25 శాతం ఉబ్బిన ఇసుక వస్తే 52.5 ఘనపుటడుగుల బదులు 65.6 తెప్పించాలి. విచిత్రం ఏమిటంటే, ఇసుకను నీళ్లలో పూర్తిగా ముంచితే ఆ పొరలు తెగిపోయి ఇసుక మళ్లీ పొడి కొలతకు దిగిపోతుంది.

ఇసుక ఎంత ఉబ్బిందో సైట్‌లోనే తెలుసుకోవడం ఎలా?

నిటారుగా ఉండే గాజు గ్లాసో, ప్లాస్టిక్ డబ్బానో తీసుకోండి. ఇసుకను కుక్కకుండా వదులుగా 20 సెంటీమీటర్ల ఎత్తు పోయండి. ఇసుకను వేరే పాత్రలోకి తీసి, డబ్బాను సగం దాకా నీళ్లతో నింపి, ఇసుకను మెల్లగా అందులో వేసి కడ్డీతో కలపండి. సర్దుకున్నాక ఇసుక ఎత్తు కొలవండి. 16 సెంటీమీటర్లు వచ్చిందంటే 4 తగ్గింది. 4 ని 16 తో భాగిస్తే 25 శాతం ఉబ్బు. 20 తో భాగించకండి, సరైన ఇసుక 16 సెంటీమీటర్లే. ఇసుక కుప్ప మధ్యలోంచి తీయండి, పైపొర ఎండకు ఆరిపోయి ఉంటుంది.

ఘనపుటడుగుల్లో కొనాలా, టన్నుల్లో కొనాలా?

తడి ఇసుక విషయంలో టన్నులే నయం. 5 శాతం తేమ ఉంటే తూకంలో మీరు నష్టపోయేది ఆ 5 శాతం నీళ్లే. అదే ఇసుకను కొలతతో కొంటే పాతిక శాతం దాకా పోవచ్చు. 52.5 ఘనపుటడుగుల పొడి ఇసుక సుమారు 2.2 నుంచి 2.4 టన్నులు తూగుతుంది. 105 ఘనపుటడుగుల 20 మి.మీ. కంకర దాదాపు 4.3 టన్నులు. రాయి రకాన్ని బట్టి, క్రషర్‌ను బట్టి ఇది కాస్త మారుతుంది. ఖాళీ బకెట్ బరువు, నింపిన బకెట్ బరువు చూస్తే మీ కంకర సంగతి మీకే తెలిసిపోతుంది.

## శ్లాబ్ పోసే రోజు

తట్టలతో కొలిస్తే ఏం? పెట్టె ఎందుకు?

పాళ్లు కొలతలో చెప్పినవి కాబట్టి కొలత మారితే లెక్కంతా మారిపోతుంది. తట్ట ఒకసారి బోర్లించినంత ఎత్తు వస్తుంది, ఇంకోసారి అంచు దాకే వస్తుంది. 40 × 35 × 25 సెంటీమీటర్ల పెట్టె సరిగ్గా 35 లీటర్లు, అంటే ఒక బస్తా సిమెంట్ కొలత. బస్తాకు ఇసుక ఒకటిన్నర పెట్టె, కంకర మూడు పెట్టెలు, పైన కర్రతో గీసి. ఇసుక 25 శాతం ఉబ్బి ఉంటే ఒకటిన్నర పెట్టెకు బదులు 1.9 పెట్టెలు వేయాలి. వేయకపోతే మిక్సర్‌లో పడే అసలు ఇసుక 1.2 పెట్టెలే. కాంక్రీట్ గరుకుగా, రాళ్లు తేలుతూ కనిపిస్తుంది. సెంట్రింగ్ విప్పాక అడుగున తేనెపట్టులా గుల్లలు కనపడతాయి.

పోత మధ్యలో లెక్క సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఖాళీ బస్తాలు లెక్కపెట్టండి. 1:1.5:3 లో ఒక్కో బస్తాకు సుమారు 124 లీటర్ల కాంక్రీట్ లెక్కలో పెట్టుకున్నాం. 5 అంగుళాల శ్లాబ్ మీద అది పదిన్నర చదరపు అడుగులు. పది బస్తాలు అయ్యేసరికి 105 చదరపు అడుగులు నిండాలి. వేస్టేజీ తక్కువుంటే 109 దాకా రావచ్చు.

పది బస్తాలకు 90 అడుగులే నిండితే ముందు మందం చూడండి. సెంట్రింగ్ షీట్లు కుంగి 5 అంగుళాలు ఐదుంపావో, ఐదున్నరో అయి ఉండొచ్చు. మందం సరిగ్గానే ఉంటే ఇసుక ఉబ్బి తక్కువ పడుతున్నట్టు. దూలాలు కూడా కలిపి పోస్తుంటే వాటి కొలత విడిగా తీసేశాకే ఈ పోలిక పెట్టండి.

పది బస్తాలకు 125 అడుగులు నిండితే సంతోషించకండి. మందం తగ్గిందో, ఇసుక, కంకర పాళ్లు దాటి పడుతున్నాయో, నీళ్లు ఎక్కువయ్యాయో, లేదా వైబ్రేటర్ సరిగ్గా పెట్టక గాలి లోపలే ఉండిపోయిందో చూడాలి. గునపం చువ్వకు 5 అంగుళాల దగ్గర గుర్తు పెట్టుకుని అక్కడక్కడా గుచ్చితే మందం వెంటనే తెలుస్తుంది. మిక్సర్ దగ్గర రెండు వాయిలు నిలబడి పెట్టెలు, నీళ్ల బకెట్లు లెక్కపెడితే మిగతాది తెలుస్తుంది.